నీళ్ల రోజు గురించి మా ఆయనతో మాట్లాడిన తీరు

"పెళ్లయి అయిదేళ్లు. ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం. ఇంట్లో నేను చేసేదేదీ మా ఆయనకి కనబడదు. చెప్పబోతే చాలు, గొడవ అవుతుంది. ఎలా చెప్పాలి?" అని ఒకామె నన్ను అడిగారు.

నేను మొదటిసారి చెప్పినప్పుడు ఎక్కడ చెడిందో ముందు చెబుతాను.

మేం కూకట్‌పల్లిలో ఉంటాం. మా వీధికి నల్లా రోజు విడిచి రోజు, తెల్లవారుజామున అయిదింటికి వస్తుంది. లేచి సంపులోకి వదలాలి, తర్వాత మోటార్ వేసి పైట్యాంకుకి ఎక్కించాలి. ఆ గంట తప్పితే ట్యాంకర్ తెప్పించుకోవడమే. పెళ్లయిన దగ్గర్నుంచీ లేచేది నేనే. ఒక రాత్రి మా ఆయన ఫోన్‌లో వాళ్ల తమ్ముడితో "మా ఏరియాలో నీళ్ల ఇబ్బందే లేదురా" అన్నారు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఆయన మాదాపూర్ నుంచి ట్రాఫిక్‌లో పడి అప్పుడే ఇంటికి వచ్చారు, ఇంకా అన్నం కూడా తినలేదు. నేను అవేమీ చూసుకోకుండా "మీకు ఈ ఇంట్లో ఏదీ ఎప్పుడూ పట్టదు" అనేశాను. ఆయన ఈఎంఐ, అత్తయ్య మందులు, కరెంటు బిల్లు, బండి సర్వీసింగ్ అన్నీ ఏకరువు పెట్టారు. అర్ధరాత్రి దాకా ఎవరు ఎక్కువ చేస్తున్నారన్న లెక్కే నడిచింది. నీళ్ల సంగతి ఎటో పోయింది.

ఆయన చెప్పినవాటిలో ఒక్కటీ అబద్ధం కాదు. 1979లో మైఖేల్ రాస్, ఫియోరె సికోలీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు భార్యాభర్తల్ని విడివిడిగా అడిగారు, ఇంటి పనుల్లో నీ వంతు ఎంత అని. చాలా జంటల్లో ఇద్దరూ చెప్పిన వంతులు కలిపితే నూటికి నూరు దాటిపోయింది. ఎవరు చేసింది వాళ్లకి బాగా గుర్తుంటుంది కదా. అందుకే వంతుల లెక్క ఎప్పటికీ తేలదు. దాని జోలికి వెళ్లకండి.

రెండోసారి మాట్లాడే ముందు నన్ను నేను ఒకటి ప్రశ్నించుకున్నాను. రేపట్నుంచి ఆయనే లేచి నీళ్లు పట్టి, ఇన్నాళ్లూ నేను పట్టానన్న ఊసే ఎత్తకపోతే నా బాధ తీరుతుందా? తీరదని తెలిసింది. పని బరువు కొంత ఉంది, అసలు నొప్పి మాత్రం ఆ పని ఆయనకి తెలియకపోవడం. మీరూ ఇది తేల్చుకోండి. మీకు కావలసింది ఒకటై మీరు అడిగేది ఇంకొకటైతే, ఆయన చేసిపెట్టినా మీకు తృప్తి ఉండదు.

శనివారం సాయంత్రమే చెప్పాను, "రేపు టిఫిన్ అయ్యాక ఓ పావుగంట కూర్చుందాం, ఒక్క విషయం ఉంది" అని. ఆదివారం అన్న మాటలు ఇవి: "మొన్న మీరు తమ్ముడితో నీళ్ల ఇబ్బంది లేదన్నారు. అప్పటికి ఆ వారంలో నేను మూడుసార్లు అయిదింటికి లేచాను. మీకు తెలియనే తెలియదనిపించి చాలా బాధపడ్డాను. నెలలో ఒక వారం మీరు లేవండి. మిగతా రోజుల్లో నీళ్లొచ్చాయా అని అడగండి."

ఆయన మళ్లీ ఈఎంఐ ఎత్తారు. "నిజమే, అవన్నీ మీరే చూస్తున్నారు. దాని గురించి ఇంకోరోజు తప్పకుండా మాట్లాడుకుందాం, ఇప్పుడు నీళ్ల గురించి చెప్పండి" అన్నాను. కాసేపు ఊరుకుని, "నాకు అలారం ఎప్పుడూ వినపడలేదేంటి?" అని అడిగారు. మీ నిద్ర చెడుతుందని వైబ్రేట్‌లో పెట్టి దిండు కింద పెట్టుకునేదాన్నన్నాను. ఆ పని కనబడకుండా చేయడంలో నా చెయ్యీ ఉందని నాకు అప్పుడే తట్టింది.

మొదటి నెల బాగానే గడిచింది. రెండో నెల ఆయన వారంలో ఓ రోజు లేవలేదు. నాకు మెలకువ వచ్చింది, లేచి మోటార్ వేయాలని కాళ్లు లాగాయి. కష్టమ్మీద పడుకునే ఉన్నాను. తొమ్మిదింటికి ట్యాంకు ఖాళీ. నేను దెప్పలేదు, ఆయనే ఫోన్ చేసి ట్యాంకర్ తెప్పించారు. మీరు ఆ ఒక్కరోజు లేచి సర్దేస్తే పని మళ్లీ మీ మీదికే వస్తుంది.

ఒక మాట మాత్రం మరవకండి. ఇదంతా వినే మనసున్న మనిషితో కుదిరే పద్ధతి. నోరు విప్పాలంటేనే మీకు భయంగా ఉంటే, చెయ్యి చేసుకుంటుంటే, ఇలా కూర్చుని మాట్లాడే ప్రయత్నం పెట్టుకోకండి. 181కి ఫోన్ చేయండి, అది మహిళల హెల్ప్‌లైన్.

మా ఇంట్లో ఇప్పుడు అలారం శబ్దంతోనే మోగుతుంది. నా వారంలో కూడా ఆయనకి మెలకువ వస్తుంది. "వచ్చాయా?" అని అడిగి అటు తిరిగి పడుకుంటారు.