అడ్డుతెర దిగేటప్పుడు ఫోకస్ ఎక్కడుండాలి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

అక్క పెళ్లి వీడియో నువ్వే తీస్తానన్నావట. మంచిదే. ఆ రోజు గంప పట్టేవాళ్లలో నేనూ ఉంటాను, పక్కన నిలబడి చెప్పడం కుదరదు. అందుకే ఇప్పుడే రాస్తున్నా.

ముందు గంప సంగతి. అక్క తల వంచుకుని ఉంటుంది, చుట్టూ మా మేనమామల మొహాలన్నీ నిటారుగా కెమెరా వైపే ఉంటాయి. ముఖాన్ని గుర్తుపట్టే ఆటోఫోకస్‌కి అక్క కన్నా మేమే నచ్చుతాం. కాబట్టి ఏ ముఖమో కెమెరాకే వదిలేయకుండా, ఆగకుండా ఫోకస్ సరిచేసుకుంటూ ఉండే AF-C పెట్టి, ట్రాకింగ్ ఆన్ చేసి, స్క్రీన్ మీద అక్క ముఖాన్ని వేలితో తాకు. నీ సోనీ మెనూలో AF Subj. Shift Sens. అని ఉంటుంది. దాన్ని 1కి, అంటే Locked On వైపుకి దించు. అప్పుడు మధ్యలో ఎవరి చెయ్యో అడ్డొచ్చినా ఫోకస్ వెంటనే దాని మీదికి దూకదు. ఇంతకన్నా ముఖ్యమైంది నీ నడక. మేం ముందుకొచ్చే వేగంతోనే నువ్వు వెనక్కి నడిస్తే మా మధ్య దూరం పెద్దగా మారదు, కెమెరాకి పనే తగ్గిపోతుంది. వెనక ఎవరైనా నీ భుజం పట్టుకుని నడిపించేలా చూసుకో.

అసలు పరీక్ష అడ్డుతెర దగ్గర. అక్కడ ట్రాకింగ్‌ని నమ్మకు. తెర వెనకున్న మనిషి కెమెరాకి కనబడదు, కనబడని ముఖాన్ని అది పట్టుకోలేదు. తెర దిగాక ముఖాన్ని వెతికి పట్టుకునేలోపు, అందరూ చూడాలనుకున్న ఆ చూపు మసకగా గడిచిపోతుంది. తెర దిగుతుందని నీకు ముందే తెలుసు, కెమెరాకి తెలియదు. అందుకే ఈ ఒక్కచోట ఫోకస్ నువ్వే లాగాలి, అంటే రింగ్ చేత్తో తిప్పి తెర మీంచి అక్క మీదికి మార్చాలి.

పెళ్లికొడుకు భుజం పక్క నుంచి ఏటవాలుగా తీస్తావనుకో. నీకు తెర సుమారు రెండు మీటర్ల దూరంలో, అక్క ముఖం రెండున్నర మీటర్లలో ఉంటుంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీద 50 ఎంఎం లెన్స్‌ని f/1.8లో వాడితే ఆ దూరంలో స్పష్టంగా ఉండే లోతు దాదాపు 27 సెంటీమీటర్లే. f/4కి వెళ్తే 60 సెంటీమీటర్ల దాకా వస్తుంది. నువ్వు f/4 పెట్టు. తెర కొంచెం మెత్తబడుతుంది, నువ్వు కాస్త అటూ ఇటూ లాగినా అక్క ముఖం చెడదు.

అక్క కనబడకపోతే ఆ దూరానికి ఫోకస్ ఎలా పెట్టాలంటావా? అక్క పక్కనే, నీకు అంతే దూరంలో కూర్చున్న పెద్దమ్మ ముఖం మీద ఆటోఫోకస్‌తో పట్టు. వెంటనే మాన్యువల్‌కి మార్చు. అక్కడ ఫోకస్ రింగ్ మీద చిన్న టేప్ ముక్క అంటించి గుర్తు పెట్టుకో. తర్వాత తెర అంచు మీదికి తిప్పి, అక్కడ ఇంకో గుర్తు. ఒక చిక్కుంది: ఇప్పటి మిర్రర్‌లెస్ లెన్సుల్లో చాలావాటికి రింగ్ నెమ్మదిగా తిప్పితే ఒక లెక్క, వేగంగా తిప్పితే ఇంకో లెక్క, గుర్తులు నిలవవు. ఎంత తిప్పితే అంతే కదిలే లీనియర్ అనే ఎంపిక మెనూలో ఉంటే అది పెట్టు. లేకపోతే గుర్తుల్ని వదిలేసి, పదునుగా ఉన్న అంచులకి రంగు వేసి చూపించే ఫోకస్ పీకింగ్ ఆన్ చేసి, ఆ రంగు పెద్దమ్మ కళ్ల మీద మెరిసేదాకా తిప్పడం అలవాటు చేసుకో.

పంతులుగారు మంత్రాలు చదువుతున్నంతసేపూ తెర మీంచి పెద్దమ్మ దాకా, మళ్లీ తెర మీదికి లాగుతూ ఉండు. చేతికి ఆ దూరం తెలిసిపోతుంది. జీలకర్ర-బెల్లం వేళ పంతులుగారు చెయ్యెత్తగానే గట్టిమేళం మొదలవుతుంది. అదే నీకు సిద్ధం కమ్మనే కబురు. తెర పట్టుకున్నవాళ్ల చేతులు సడలడం చూసి లాగడం మొదలుపెట్టు, ఒక సెకనులో ముగించు. తెర పూర్తిగా దిగకముందే ఫోకస్ అక్క దూరానికి చేరిపోవాలి. ముందు చేరితే చూసేవాళ్లకి తెలియదు. ఆలస్యమైతే మాత్రం అందరికీ తెలుస్తుంది.

తమ్ముడు ఫోన్‌తో తీస్తానంటున్నాడు కదా, వాడికి ఇదంతా అక్కర్లేదు. మామూలు 1x కెమెరాలో లోతు ఎక్కువ. ఐఫోన్ అయితే పెద్దమ్మ ముఖం మీద వేలు నొక్కి పట్టుకుంటే AE/AF LOCK అని వస్తుంది. తెల్ల తెర దిగినప్పుడు వెలుతురు ఎగిరిపడకుండా కూడా అది కాపాడుతుంది. సినిమాటిక్ మోడ్ మాత్రం వద్దను. అందులో వెనక మసక లెక్కగట్టి వేసేది, జడలో పూల అంచులు తేడాగా తెగిపోవచ్చు.

తలంబ్రాలకి ఫోకస్ లాక్ చేసి వదిలెయ్. ఇద్దరూ కూర్చునే ఉంటారు, ఎగిరే బియ్యం వెంట కెమెరా పరిగెత్తితేనే ఇబ్బంది.

తీశాక కెమెరా చిన్న స్క్రీన్ మీద చూసి బాగుందనుకోకు, బొమ్మలో అక్క కనురెప్పల దగ్గర జూమ్ చేసి చూడు. మసకగా ఉంటే, వెనకో ముందో ఇంకేదైనా పదునుగా ఉందేమో వెతుకు. ఉంటే ఫోకస్ తప్పింది. అలా లేకుండా ముఖం ఒకే దిశలో గీసినట్టుంటే అది కదలిక మసక. 25 ఫ్రేముల వీడియోకి షట్టర్ 1/50 పెడతావు కాబట్టి విసిరే చేతుల్లో అది కొంత ఉంటుంది, దానికి ఫోకస్‌ని తిట్టకు. ఈ ఆదివారం మీ హాల్లో దుప్పటి అడ్డం పెట్టించి, అమ్మని వెనక కూర్చోబెట్టి తీసి, ఆ క్లిప్ నాకు పంపు.

మీ మామయ్య