పచ్చ టిక్కు రుజువు కాదు

అమ్మలూ,

నీ మెసేజ్ చదివాను. క్రెడిట్ కార్డు బిల్లుకు గడువు 18, నువ్వు యాప్‌లో కట్టింది 16 రాత్రి, కార్డు ఖాతాలో పడింది 23. ఆలస్య రుసుము వేశారు, దాని వెనకే వడ్డీ. నువ్వేమో యాప్‌లో పచ్చ టిక్కు ఉన్న స్క్రీన్‌షాట్ పంపుతున్నావు, కార్డు వాళ్లేమో "మాకు 23నే అందింది" అని అదే పాట పాడుతున్నారు. బ్యాంకులో లెక్కలు సరిచూసే సీట్లో చాలా ఏళ్లు కూర్చున్నాను కదా, ఆ పాట నేనూ పాడినవాణ్ణే.

ఆ టిక్కు చెప్పేది ఒక్కటే, డబ్బు నీ దగ్గర నుంచి వెళ్లిందని. కార్డు వాళ్లకు చేరిందని కాదు. కొన్ని యాప్‌లు నీ డబ్బును ముందు తమ ఖాతాలో వేసుకుని, అందరివీ కలిపి తర్వాత పంపుతాయి. సెలవు అడ్డం వస్తే ఇంకా ఆలస్యం.

ముందు నీ బ్యాంకు ఖాతా తెరిచి 16 నుంచి ఇవాళ్టి దాకా చూడు. అంతే మొత్తం తిరిగొచ్చి పడిందా? పడితే పేమెంట్ ఫెయిలై డబ్బు వెనక్కి వచ్చినట్టు. నీ విషయంలో 23న కార్డులో పడింది కాబట్టి ఆ గొడవ లేదనుకుంటాను, అయినా చూడు. ఇంకొక్క మాట, విసుగొచ్చి యాప్‌లో మాత్రం "పేమెంట్ ఫెయిలైంది" అని ఫిర్యాదు పెట్టకు. వాళ్లు డబ్బు వెనక్కి ఇచ్చేస్తే గడువులోపు కట్టావనడానికి నీ దగ్గర ఏమీ మిగలదు.

తర్వాత బ్యాంకు స్టేట్‌మెంట్ పీడీఎఫ్ దింపుకో. 16వ తేదీ వరుసలో మొత్తం పక్కన వివరాల్లో ఒక పొడుగాటి నంబరు ఉంటుంది. యూటీఆర్ అనో, ట్రాన్సాక్షన్ రిఫరెన్స్ అనో అంటారు. మనకు కావలసింది అది. యాప్ చూపించే ఆర్డర్ ఐడీ యాప్‌కే తెలిసిన నంబరు. దాన్ని కార్డు వాళ్లకు ఇస్తే వాళ్ల సిస్టమ్‌లో ఏమీ దొరకదు, "అలాంటి పేమెంట్ లేదు" అంటారు. చాలా ఫిర్యాదులు ఇక్కడే ఆగిపోతాయి. కట్టేటప్పుడు ఇచ్చిన కార్డు నంబరు చివరి నాలుగు అంకెలూ సరిచూడు. కార్డు మార్చాక పాత నంబరుకే కట్టి ఉంటే, ఎవరి ఖాతాలో వేయాలో తేలక డబ్బు మధ్యలో ఆగి ఉండొచ్చు.

ఇప్పుడు ఫోను మానేసి, కార్డు కంపెనీకి మెయిల్ రాయి. "ఎందుకు ఫైన్ వేశారు" అని అడిగితే ఫైన్ నిబంధనలు పంపుతారు. అడగాల్సింది ఇది:

"ఈ రిఫరెన్స్ నంబరుతో నా ఖాతా నుంచి 16న డబ్బు డెబిట్ అయింది. స్టేట్‌మెంట్ జతచేశాను. ఈ మొత్తం మీ బ్యాంకు ఖాతాకు ఏ తేదీన, ఏ సమయానికి చేరిందో, నా కార్డు ఖాతాలో ఏ తేదీన నమోదు చేశారో విడివిడిగా రాతపూర్వకంగా తెలపండి."

రెండు తేదీలు అడగడంలోనే కిటుకుంది. 23 అనేది నమోదు చేసిన తేదీ కావచ్చు. డబ్బు 17నే చేరి వాళ్ల దగ్గరే ఆరు రోజులు కూర్చుంటే ఆ తప్పు వాళ్లది, వేసినదంతా తీసేయాలి. నిజంగానే 23న చేరిందంటే, అదే నంబరు పట్టుకుని యాప్ వాళ్లను "16న తీసుకున్నది ఎప్పుడు పంపారు" అని అడిగి లేఖ తీసుకో. అప్పుడు నష్టం అడగాల్సింది వాళ్లను. కార్డు వాళ్ల నిబంధనల్లో మామూలుగా డబ్బు చేరిన తేదీయే లెక్క. ఆ లేఖ చూపిస్తే మాఫీ చేయొచ్చు, చేయకపోనూ వచ్చు.

నువ్వు రాత్రి కట్టావు కాబట్టి, ఆ రోజు లెక్క ముగించే సమయం దాటిందని 17 కింద రాసుకున్నా గడువులోపే. అదే 18 రాత్రి కట్టి ఉంటే నేను దీన్ని వివాదం చేయమనేవాణ్ణి కాదు. ఎప్పుడూ ఆలస్యం చేయలేదు, ఈసారికి మాఫీ చేయమని మర్యాదగా అడగమనేవాణ్ణి.

కార్డు వాళ్లు తప్పు ఒప్పుకున్నాక రుసుము మాత్రం వెనక్కి వేసి చేతులు దులుపుకుంటారు. అక్కడితో ఊరుకోకు. గడువుకు పూర్తి బిల్లు అందలేదని లెక్కేస్తే వడ్డీ లేని రోజులు పోతాయి. పాత బాకీ మీదే కాక, తర్వాత కొన్నవాటి మీద కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడొచ్చు. అది వచ్చే నెల బిల్లులో తేలుతుంది. అందుకని రుసుము, దాని మీద పన్ను, రెండు నెలల వడ్డీ అన్నీ పేరు పెట్టి అడుగు. క్రెడిట్ రిపోర్టులోకి ఆలస్యం అని పంపి ఉంటే అదీ సరిచేయమను.

ఈలోగా ఈ నెల బిల్లులో వివాదం లేని మొత్తాన్ని గడువుకు నాలుగైదు రోజుల ముందే కట్టేయి. అది కనీస మొత్తం కంటే తగ్గకుండా చూసుకో. మెయిల్ పంపగానే ఫిర్యాదు నంబరు తీసుకుని, ఆ రెండు తేదీలూ రాగానే నాకు పంపు.

పెదనాన్న