అమ్మమ్మగారి కళ్లు తెరిపించాలంటే డీనాయిజ్ ఎంత, మాస్కు ఎంత?

ప్రశ్న: గుంటూరులో బి.కాం. రెండో సంవత్సరం చదువుతూ, సాయంత్రాలు బ్రాడీపేటలోని ఒక ఫొటో స్టూడియోలో ఆల్బం పని చేస్తున్నాను. ఒక పెళ్లి గ్రూప్ ఫొటోలో పెళ్లికూతురి అమ్మమ్మగారు కళ్లు మూసుకున్నారు. ఆమెదే ఇంకో ఫొటోను రిఫరెన్స్‌గా ఇచ్చి, ఆ పోలికను ఏఐ బొమ్మల మోడల్‌కు అందించే ఫేస్ అడాప్టర్‌తో ఇన్‌పెయింటింగ్ చేశాను, అంటే ముఖం భాగాన్ని మాత్రమే మోడల్‌తో కొత్తగా గీయించాను. డీనాయిజ్ 0.3 పెడితే కళ్లు తెరుచుకోలేదు. 0.9 పెడితే ఎవరో కొత్త మనిషి వచ్చారు. ఈ పనిని వృత్తిగా పెట్టుకోవచ్చా? నా తప్పు ఎక్కడుంది?
– ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: పెట్టుకోవచ్చు. అయితే డిగ్రీ మానకుండా, ఆల్బం డిజైనింగులో ఒక అదనపు నైపుణ్యంగా పెట్టుకోండి. విజయవాడలో ఈ సలహాల పనికి రాకముందు నేను కొన్నేళ్లు పెళ్లి ఆల్బంలు దిద్దాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఈ పనికి డబ్బిచ్చేవారు మీకు సాఫ్ట్‌వేర్ వచ్చా రాదా అని చూడరు. ఆ ముఖం తమ మనిషిదేనా అని చూస్తారు. మీరు పడిన చిక్కు కూడా సరిగ్గా అక్కడే ఉంది.

ముందు ఒక విషయం తేల్చుకోండి. అదే గ్రూప్‌ను ఫొటోగ్రాఫర్ వరుసగా నాలుగైదు సార్లు తీసి ఉంటాడు. వాటిలో ఒకదానిలో అమ్మమ్మగారు కళ్లు తెరిచి ఉంటే, ఆ భాగం కత్తిరించి అతికించడమే ఉత్తమం. అది ఆమె అసలు ముఖం. అడాప్టర్ ఇచ్చేది ఆమెను పోలిన ముఖం మాత్రమే. మీ దగ్గరున్న మంచి ఫొటో వేరే రోజు, వేరే వెలుతురులో, కాస్త పక్కకు తిరిగి ఉన్నదైతేనే అడాప్టర్ అవసరం. అలాంటి ఫొటోనే ఉందనుకుని లెక్క వేద్దాం.

గ్రూప్ ఫొటో 6000 × 4000 పిక్సెళ్లు, వెనుక వరుసలో ఆమె ముఖం ఎత్తు సుమారు 180 పిక్సెళ్లు అనుకుందాం. ఫొటో మొత్తాన్ని 1024 వెడల్పుకు కుదించి పని చేయిస్తే ఆ ముఖం 31 పిక్సెళ్లకు దిగుతుంది. మోడల్ బొమ్మను ఎనిమిదో వంతుకు కుదించుకుని పని చేస్తుంది కాబట్టి, దాని లోపల ఆ ముఖానికి నాలుగు గడులు కూడా దక్కవు. నాలుగు గడుల్లో కళ్లూ ముక్కూ ఎలా పడతాయి? అప్పుడు డీనాయిజ్ ఎంత మార్చినా ముఖం ముద్దగానే వస్తుంది. అందుకే ముఖం చుట్టూ 400 పిక్సెళ్ల చదరాన్ని మాత్రమే తీసుకుని 1024కు పెంచి, దిద్దాక మళ్లీ కుదించి అదే చోట పెట్టాలి. ఇప్పుడు ముఖం 460 పిక్సెళ్లు, లోపల 57 గడులు. స్టేబుల్ డిఫ్యూజన్ వెబ్‌యూఐలో `Only masked` అనే ఎంపిక చేసేది ఇదే. మోడల్ మార్చాల్సిన చోటును గుర్తు పెట్టే మాస్కు 160 పిక్సెళ్లుంటే `Only masked padding, pixels` దగ్గర 120 ఇవ్వండి, చదరం 400 అవుతుంది. అక్కడ ముందుగా ఉండే 32ను అలాగే వదిలేస్తే మోడల్‌కు ముఖం తప్ప మెడా భుజాలూ కనిపించవు. తల ఎటు వంగి ఉందో తెలియక, ముఖాన్ని నిటారుగా నిలబెట్టేస్తుంది. అతికించినట్టు కనిపించే ముఖాలు చాలావరకు ఇలాగే పుడతాయి.

ఇక డీనాయిజ్. వాకిట్లో ముగ్గు మీద గాలి కొద్దిగా వీస్తే పొడి చెదురుతుంది గానీ గీతలు తెలుస్తూనే ఉంటాయి, మళ్లీ దిద్దితే పాత ముగ్గే వస్తుంది. పూర్తిగా చెరిగిపోతే వేసేది కొత్త ముగ్గే. డీనాయిజ్ అంటే ఆ చెరపడం ఎంత అన్న కొలత. 0.3 దగ్గర మూసిన రెప్పల గీత చెరగలేదు కాబట్టి, రిఫరెన్స్‌లో కళ్లు ఎంత తెరిచి ఉన్నా మోడల్ రెప్పలనే చక్కదిద్దింది. 0.9 దగ్గర తల వంపు, దవడ కొలత, ముఖం మీద పడే వెలుతురు అన్నీ చెరిగిపోయాయి. అడాప్టర్‌కు పోలిక తెలుసు గానీ తల ఎక్కడ, ఏ కోణంలో ఉండాలో తెలియదు. ఇలాంటి ఫొటోకు 0.5తో మొదలుపెట్టి 0.05 చొప్పున పెంచండి. మోడల్ ఏ చుక్కల చెల్లాచెదురుతో గీయడం మొదలుపెట్టాలో చెప్పే అంకె సీడ్, దాన్ని మాత్రం మార్చకండి. సీడ్ కూడా మారితే తేడా దేనివల్ల వచ్చిందో మీకే తెలియదు. సగం తెరిచిన మత్తు కళ్లు వస్తే ఇంకా పెంచాలి. చర్మం నున్నబడి వయసు పదేళ్లు తగ్గినట్టుంటే దాటిపోయారు, వెనక్కి రండి. మంచి ఫలితం చాలాసార్లు 0.55 – 0.65 మధ్య దొరుకుతుంది.

మాస్కును డీనాయిజ్ నుంచి విడదీసి చూడకూడదు. కళ్లకు మాత్రమే చిన్న మాస్కు వేసి ఎక్కువ డీనాయిజ్ పెడితే, చుట్టూ పాత ముఖం, మధ్యలో కొత్త కళ్లు, రెంటికీ పొంతన ఉండదు. జుట్టూ చెవులూ కలిసేలా పెద్ద మాస్కు వేసి అదే డీనాయిజ్ పెడితే మల్లెల దండ, బుట్టకమ్మలు, వెనకాల నిలబడ్డ మేనమామగారి భుజం కూడా మారిపోతాయి. ఈ ఫొటోకు నేనైతే పై అంచును బొట్టు కింద నుంచి మొదలుపెట్టి, కనుబొమలు, రెండు చెంపలు కలుపుకుంటూ గడ్డం కిందకు నాలుగైదు పిక్సెళ్లు దించుతాను. బొట్టు, జుట్టు మొదలయ్యే గీత, కమ్మలు బయటే ఉండాలి. గడ్డం గీత మాత్రం లోపలే ఉండాలి. అది బయట పడితే పాత దవడలో కొత్త నోరు ఇరుక్కుంటుంది. ముక్కుపుడక మాస్కు లోపలే ఉంటుంది కనుక కచ్చితంగా మారుతుంది లేదా మాయమవుతుంది. దాన్ని తర్వాత అసలు ఫొటో నుంచి ఇంకో లేయర్‌లో తిరిగి పెట్టండి. ఇంటివాళ్లు మొదట గమనించేది దాన్నే. ముఖం చుట్టూ వేరే రంగు పట్టీ కనిపిస్తే డీనాయిజ్ జోలికి పోకుండా మాస్కు అంచును మెత్తబరచండి. `Mask blur` 4 నుంచి 8కి పెంచితే సాధారణంగా సరిపోతుంది.

రిఫరెన్స్ ఫొటోను ముఖం మధ్యలో ఉండేలా చదరంగా కత్తిరించి ఇవ్వండి. అడాప్టర్ దాన్ని 224 × 224కు కుదించి చూస్తుంది. నిలువెత్తు ఫొటో ఇస్తే చీర రంగు తెలుస్తుంది గానీ ముఖం తెలియదు. రిఫరెన్స్ ప్రభావం ఎంత ఉండాలో చెప్పే అడాప్టర్ బరువును 0.7 చుట్టూ ఉంచండి. 1.0కు పెంచితే పోలికతో పాటు రిఫరెన్స్‌లోని నవ్వు, వెలుతురు కూడా వచ్చేస్తాయి.

డబ్బు తీసుకుని చేసేవారు తప్పక తెలుసుకోవలసినది ఒకటుంది. పేరులో `FaceID` ఉన్న అడాప్టర్లు ముఖాలను గుర్తుపట్టే ఇన్‌సైట్‌ఫేస్ మోడళ్ల మీద ఆధారపడతాయి. వాటిని పరిశోధనకే తప్ప వ్యాపారానికి వాడకూడదని విడుదల చేసినవారే రాశారు. స్టూడియో పనికి `ip-adapter-plus-face` రకం తీసుకోండి, దాని లైసెన్సు వ్యాపారానికి అడ్డు చెప్పదు. పోలిక కాస్త తగ్గుతుంది, ఆ లోటును మంచి రిఫరెన్స్‌తో పూడ్చాలి. ఎవరి ముఖం మారుస్తున్నారో వారి అనుమతి లేని పనిని, గుర్తింపు కార్డు ఫొటోలను యజమాని చెప్పినా చేయకండి.

ఉద్యోగానికి చూపించడానికి ఇలాంటివి ఐదు ఫొటోలు చాలు. ప్రతిదానికీ ముందు, తర్వాత ఫొటోలతో పాటు మాస్కు బొమ్మ, డీనాయిజ్ విలువ, అది ఎందుకు ఎంచుకున్నారో రెండు వాక్యాలు జతచేయండి. ఫొటోల్లోని కుటుంబాల నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి.

అమ్మమ్మగారి ఫొటోను మాత్రం తెర మీద పెద్దది చేసి చూసి తృప్తి పడకండి. 12 × 36 ఆల్బంలో ఒక పేజీ నిండా అచ్చు వేస్తే ఆ ముఖం దాదాపు అర అంగుళం ఉంటుంది. ఆ కొలతలోనే ప్రింటు తీసి, ఏం మార్చారో చెప్పకుండా ఆమె కూతురికి చూపించండి. "అమ్మ ఇలా నవ్వదే" అంటే అడాప్టర్ బరువు తగ్గించండి. "అమ్మ చిన్నదైపోయిందే" అంటే డీనాయిజ్ 0.05 తగ్గించండి. ఏమీ అనకుండా పేజీ తిప్పబోతే అప్పుడు ఆపి, ఏం చేశారో చెప్పి, ఆల్బంలో ఉంచడానికి అమ్మమ్మగారి ఒప్పుకోలు అడగండి.