నిద్రలో వాడు చేసే చప్పుళ్ళు

చిట్టీ,

రాత్రి రెండున్నరకి నువ్వు పంపిన మీ బుజ్జిగాడి నిద్ర వీడియో పొద్దున కాఫీ తాగుతూ చూశాను. ఒకసారి కాదు, నాలుగుసార్లు. "పెద్దమ్మా, వీడికి ఊపిరి ఆడటం లేదేమో, చూడు" అని కింద రాశావు. ఫోన్లో రెండు ముక్కలు చెప్పి పెట్టేస్తే నీకు మళ్ళీ రాత్రికి అదే భయం మొదలవుతుంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. పసిపిల్లల వార్డులో అన్నేళ్ళు నర్సుగా చేసినందుకు ఈ మాత్రం పనికిరాకపోతే ఎలా.

ముందు నీ వీడియోలో నాకు కనిపించింది చెప్తాను. మొదట్లో వాడు మొహం చిట్లించాడు. మూసిన రెప్పల కింద కనుగుడ్లు అటూ ఇటూ కదులుతున్నాయి. కుడి పిడికిలి రెండుసార్లు టక్కున ఎగిరింది. తరవాత కాళ్ళు పొట్టలోకి ముడుచుకుని, మొహం ఎర్రగా చేసుకుని "ఊఁ..." అని ముక్కాడు. గబగబా ఊపిరి తీసి ఒక్కసారిగా ఆపేశాడు. నీ కెమెరా వణికింది అక్కడే. నేను గోడ గడియారం ముల్లు చూస్తూ లెక్కపెట్టాను, ఏడు సెకన్లు. ఆ తరవాత నాలుగైదు చిన్న ఊపిర్లు త్వరత్వరగా తీసి మామూలైపోయాడు. ఆపకుండా ఒక నిమిషం లెక్కపెడితే మొత్తం 46 ఊపిర్లు వచ్చాయి. పెదవులు గులాబీ రంగులోనే ఉన్నాయి. చివర్లో మూతి ఓ పక్కకి లాగి నవ్వాడు కూడా, నువ్వు గమనించావో లేదో. అమ్మమ్మలు ఈ నవ్వు చూసే దేవుడు ఆడిస్తున్నాడని అంటారు.

ఇదంతా ఒకే రకం నిద్ర. డాక్టర్లు దీన్ని యాక్టివ్ స్లీప్ అంటారు. పెద్దవాళ్ళకి కలలొచ్చే నిద్ర ఉంటుంది చూడు, దానికి ఇది పసిరూపం. మనకి ఆ నిద్రలో మెదడు ఒంటికి బ్రేకు వేసేస్తుంది కాబట్టి కలలో పరిగెత్తినా కాళ్ళు కదలవు. పన్నెండు రోజుల పిల్లాడికి ఆ బ్రేకు ఇంకా సరిగ్గా పడదు. లోపల జరిగేదంతా చేతుల్లో, మొహంలో, గొంతులో బయటపడిపోతుంది. పైగా మనకి ఆ నిద్ర రాత్రంతా కలిపి నాలుగో వంతు కూడా ఉండదు, వాడికి దాదాపు సగం. రోజుకి పదహారు గంటలు పడుకుంటే ఎనిమిది గంటలు ఈ గోలే అన్నమాట.

ఇంకో తేడా ఉంది, నిన్ను ఎక్కువగా ఇబ్బంది పెడుతున్నది అదే అనుకుంటున్నాను. మనం కన్ను మూస్తే ముందు నెమ్మది నిద్రలోకి జారుకుంటాం. వాడు నేరుగా ఈ కదిలే నిద్రలోకే వెళ్తాడు. పాలు తాగి రొమ్ము మీదే నిద్రపోయాడని ఉయ్యాలలో వేస్తావు, వెంటనే కదిలి మూలుగుతాడు, లేచాడనుకుని మళ్ళీ ఎత్తుకుంటావు. వాడు లేవలేదు తల్లీ. ఒక ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు వదిలేస్తే చేతులు వదులైపోయి, ఊపిరి ఒకే తీరుగా నడిచే నిద్రలోకి వెళ్తాడు. అప్పుడు చెయ్యి పైకెత్తి వదిలితే బట్టలా పడిపోతుంది. మొత్తం చక్రం గంట లోపే తిరిగి మళ్ళీ మొదటికి వస్తుంది. రాత్రంతా ఇదే వరస.

నేనూ ఈ తప్పు చేసినదాన్నే. పెద్దాడు పుట్టినప్పుడు నాకు అప్పటికే నాలుగేళ్ళ సర్వీసు. వార్డులో ఇరవై మంది పిల్లలు ముక్కుతూ మూలుగుతూ ఉంటే పక్కన కూర్చుని రిజిస్టరు రాసుకునేదాన్ని. ఇంట్లో మాత్రం నా పిల్లాడు "కుయ్" మంటే చాలు ఎత్తేసుకునేదాన్ని. నిద్రలో ఉన్నవాణ్ణి లేపి, ఎందుకు లేపారో తెలియక ఏడుస్తుంటే పాలిచ్చి, అరగని పొట్టతో మళ్ళీ పడుకోబెట్టి... నెలరోజులు ఇద్దరికీ నిద్ర లేదు. చివరికి మీ తాతమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "కళ్ళు తెరిచాడా? తెరవలేదుగా. ఆగు." అంతే అంది.

నువ్వూ అదే చెయ్యి. చప్పుడు వినగానే చెయ్యి చాచకుండా కళ్ళు చూడు. మూసి ఉంటే ఓ నిమిషమో రెండు నిమిషాలో ఊరికే చూస్తూ ఉండు. చిన్న ఏడుపు ఒకటి అరా వచ్చి ఆగిపోయినా అది నిద్రలోదే. కళ్ళు తెరిచి, తల అటూ ఇటూ తిప్పి వెతుకుతూ, పిడికిలి నోట్లోకి తోసుకుంటుంటే అది ఆకలి. అప్పుడు ఆలస్యం చెయ్యకు, పెద్దగా ఏడ్చేదాకా ఆగితే రొమ్ము పట్టడానికి తంటాలు పడతాడు. అయితే ఒక్క మాట. వాడు పుట్టిన బరువు మళ్ళీ అందుకున్నాడని డాక్టరు తూచి చెప్పేదాకా, నిద్రపోతున్నాడు కదా అని మూడు గంటలు దాటనివ్వకు. రోజుకి ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పాలు పడాలి.

ఊపిరి సంగతికి వద్దాం. వాడి ఊపిరిని నడిపే మెదడు భాగం ఇంకా పని నేర్చుకుంటోంది. కాసేపు మర్చిపోయినట్టు ఆగుతుంది, ఒంట్లో బొగ్గుపులుసు వాయువు కాస్త పెరగగానే గుర్తొచ్చి గబగబా లాగుతుంది. అయిదు నుంచి పది సెకన్లు ఆగి, తరవాత వేగంగా తీసి, మళ్ళీ మామూలవడం మొదటి నెలల్లో చాలామంది పిల్లల్లో చూస్తాం. నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. ఇరవై సెకన్లు ఆగితే మాత్రం అది మామూలు కాదు. అంతకంటే తక్కువసేపు ఆగినా పెదవులు, నాలుక నీలంగానో బూడిద రంగులోనో మారితే, ఒళ్ళు వేలాడిపోతే అదీ మామూలు కాదు. చేతులు, పాదాలు కాస్త నీలంగా చల్లగా ఉండటం వేరు, ఈ వయసులో అది కనిపిస్తుంటుంది. చూడాల్సింది నాలుక.

లెక్కపెట్టడం కూడా నేర్చుకో. చొక్కా పైకి జరిపి పొట్ట చూడు, ఛాతీ కంటే పొట్టే బాగా తెలుస్తుంది. పొట్ట లేచి దిగితే ఒకటి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించకు, పెద్దవాళ్ళ నాడి లెక్క ఇక్కడ పనికిరాదు. ఆగినచోట చూస్తే ఇరవై వస్తుంది, పరిగెత్తినచోట చూస్తే ఎనభై వస్తుంది. పూర్తి నిమిషం చూడాలి, వాడు ఏడవకుండా ఉన్నప్పుడు చూడాలి. ముప్పైకీ అరవైకీ మధ్య వస్తే సరే. అరవై గానీ, దాటి గానీ వస్తే కాస్త ఆగి ఇంకో నిమిషం లెక్కపెట్టు. రెండోసారీ అంతే ఉంటే ఆసుపత్రికి బయల్దేరడమే.

మూలుగుల్లో రెండు రకాలున్నాయి, ఇదొక్కటి బాగా గుర్తుంచుకో. మీవాడిది ఊపిరికి సంబంధించిన మూలుగు కాదు, ముక్కడం. పొట్ట బిగబట్టినప్పుడు కింద వదలాలన్న సంగతి ఆ వయసులో ఒంటికి తెలియదు. పైన నొక్కుతాడు, కింద బిగిస్తాడు, మొహం కందగడ్డలా చేసుకుంటాడు. పది నిమిషాలు ఇలా పోరాడి చివరికి మెత్తగానే వెళ్తాడు. మెత్తగా వెళ్తున్నంతకాలం అది మలబద్ధకం కాదు. ఆముదం వద్దు, సబ్బుముక్క పెట్టడం అసలే వద్దు.

రెండో రకం ఎలా ఉంటుందో ఒక సంగతి చెప్తాను. ఇంటికి పంపిన మర్నాడే ఒకమ్మాయి బిడ్డని తీసుకుని వెనక్కి వచ్చింది. నాలుగోరోజు పాప. "నిద్రలో మూలుగుతోంది" అంది, నీలాగే. నేను దగ్గరికెళ్ళి విన్నాను. పాప కళ్ళు తెరిచే ఉంది, అయినా మూలుగు ఆగలేదు. ఊపిరి వదిలిన ప్రతిసారీ "ఉహ్... ఉహ్..." అని, గడియారంలా, ఒక్కటీ తప్పకుండా. డొక్కలు ఎగరేస్తోంది, ముక్కుపుటాలు విచ్చుకుంటున్నాయి. లెక్కపెడితే 72, మళ్ళీ 74. పొద్దుటి నుంచి రొమ్ము పట్టడం లేదట. ఊపిరితిత్తులు మూసుకుపోకుండా గొంతు దగ్గర గాలిని అడ్డుకుంటే వచ్చే చప్పుడు అది. ఎక్స్‌రేలో న్యుమోనియా తేలింది, వెంటనే చేర్చుకున్నారు, కోలుకుంది. మీవాడి చప్పుడు వచ్చి పోతుంది, ఆ పాపది పోలేదు. మెలకువగా ఉన్నా పోలేదు. తేడా అదే.

ఎగిరిపడటం గురించి కూడా అడిగావు, ఫిట్సేమోనని. అనుమానం వస్తే మెల్లగా లేపి చూడు. నిద్రలో వచ్చే కుదుపు కళ్ళు తెరవగానే ఠక్కున ఆగిపోతుంది. మెలకువలో చెయ్యి వణికితే నీ చేతిలోకి తీసుకుని కాస్త మడిచి పట్టుకో, ఆగితే భయం లేదు. ఫిట్స్ అయితే పట్టుకున్నా నీ అరచేతిలో అదే తాళంతో కొట్టుకుంటూనే ఉంటుంది, కళ్ళు ఒక పక్కకి నిలిచిపోవచ్చు, మెలకువలోనూ వస్తుంది. అలాంటిది కనిపిస్తే వీడియో తీస్తూనే 108కి ఫోన్ చెయ్యండి.

ఇవి కాక, పాలు తాగడం మానేసినా, ఎంత లేపినా లేవకపోయినా, చంకలో థర్మామీటరు పెడితే 99.5 గానీ ఆపైన గానీ చూపించినా తెల్లారేదాకా ఆగొద్దు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల లెక్క వేరు, మీవాడు నెలలు నిండి మూడు కిలోలతో పుట్టాడు కాబట్టి ఇదంతా రాశాను.

ఇక మీ అమ్మ సంగతి. నా చెల్లెలే కాబట్టి నేను అంటే పడుతుంది. ముక్కు బుసబుసలాడుతోందని కొబ్బరినూనె చుక్కలు వేసి ఊదుతుంటుంది, నీ వీడియోలో పక్కన సీసా కనిపించింది. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే లేని జబ్బు వస్తుంది. పసివాళ్ళు ఎక్కువగా ముక్కుతోనే గాలి పీలుస్తారు, ఆ దారి సన్నం, కాస్త తడి ఉన్నా చప్పుడవుతుంది. పాలు తాగడానికి అడ్డం వస్తేనే మెడికల్ షాపులో దొరికే సెలైన్ డ్రాప్స్ ఒక్కో చుక్క వెయ్యండి. సాంబ్రాణి పొగ వాడి గదిలోకి రానివ్వొద్దు, దేవుడి గదిలో వేసుకోమను. బోర్లా పడుకోబెడితే చప్పుడు తగ్గుతుందని ఎవరైనా చెప్తే, తగ్గేమాట నిజమే. కానీ నిద్రలోనే ప్రాణం పోయే ప్రమాదం అలా పడుకోబెట్టిన పిల్లల్లోనే ఎక్కువ. గోల చేసినా సరే, వెల్లకిలానే, గట్టి పరుపు మీద, ఆవాల దిండు కూడా లేకుండా పడుకోబెట్టు. కాలికి తొడిగి ఆక్సిజన్ చూసే యంత్రం కొంటానన్నాడటగా అల్లుడు, ఆ డబ్బు మిగుల్చుకోమను. ఆరోగ్యంగా ఉన్న పిల్లాడికి అది అక్కర్లేదు, ఊరికే మోగి మీ ఇద్దర్నీ లేపుతుంది.

ఈ రాత్రి ఒక్క పని చెయ్యి. రెండో పాలు ఇచ్చి పడుకోబెట్టాక లైటు తగ్గించి, పూర్తి నిమిషం లెక్కపెట్టి ఆ అంకె నాకు మెసేజ్ పెట్టు. తెల్లారుజామున ఇంకోసారి. శనివారం బస్సుకి వస్తున్నాను, రెండు రాత్రులు వాడి పక్కన నేను పడుకుంటాను. నువ్వు పాలిచ్చి, వెళ్ళి అవతలి గదిలో తలుపేసుకుని నిద్రపో.

పెద్దమ్మ