అమెరికా లేట్ నైట్ షోలకొచ్చే సెలబ్రిటీలు అంత సరదా కథలు అప్పటికప్పుడు ఎలా చెప్పగలుగుతారు? అంతా స్క్రిప్టేనా?

మాటలు స్క్రిప్టు కాదు. ఏ కథ చెప్పాలో మాత్రం ముందే ఖాయమైపోతుంది. తెర మీద కనిపించని సెగ్మెంట్ ప్రొడ్యూసర్ చేసే పని అది. షోకి కొద్దిరోజుల ముందు గెస్టుకి ఫోన్ చేసి తీరిగ్గా మాట్లాడతారు. దాన్ని ప్రీ-ఇంటర్వ్యూ అంటారు. సినిమా గురించి అడిగేది తక్కువ. ఈమధ్య ఎక్కడికెళ్ళారు, ఇంట్లో ఏం జరిగింది, ఎవరితో గొడవైంది, ఇవే ఎక్కువ. దొరికిన వాటిలో బాగా పేలే మూడు నాలుగు కథలు ఏరి, ఒక్కోదానికీ ఒక ప్రశ్న, కింద జవాబు సారాంశం రాసి హోస్టుకిస్తారు. హోస్టు టేబుల్ మీది కార్డుల్లో ఉండేవి అవే.

ఉదాహరణకి, ఒక నటుడు సినిమా కోసం గుర్రపుస్వారీ నేర్చుకున్నాడనుకోండి. షాట్ మధ్యలో వాగు దాటుతుంటే గుర్రం తాపీగా నీళ్ళలో కూర్చుంది. కథకి ప్రాణం ఆ కూర్చోవడమే. కాబట్టి కార్డు మీద ప్రశ్న "ఈ సినిమాకి గుర్రం ఎక్కారట కదా?" అని మాత్రమే ఉంటుంది. కింద హోస్టు గుర్తుకోసం "వాగు, కూర్చుంది" అని రెండు ముక్కలు. హోస్టు తొందరపడి "గుర్రం నీళ్ళలో కూర్చుందట కదా?" అన్నాడా, అక్కడితో సరి. గెస్టు "అవునండీ" అనడం తప్ప చేసేదేం లేదు. మన యూట్యూబ్ ఇంటర్వ్యూల్లో రోజూ జరిగేది ఇదే! యాంకరే కథంతా చెప్పేసి "నిజమేనా సార్?" అంటారు. లేకపోతే "మీ జర్నీ ఎలా మొదలైంది?" అని గంటన్నర లాగుతారు. అక్కడ ఒక సెగ్మెంటుకి దొరికేది ఆరేడు నిమిషాలు. పెద్ద గెస్టయితే మధ్యలో యాడ్స్ బ్రేకుతో రెండు సెగ్మెంట్లు. ఏదైనా కథ పేలకపోతే, బ్రేకులో ప్రొడ్యూసర్ టేబుల్ దగ్గరికొచ్చి "అది వదిలేసి కుక్క కథకెళ్ళండి" అని చెవిలో చెప్పిపోతారు.

ముందే అనుకున్న కథని పట్టుకోవడం సులువే. ప్రశ్న "విన్నానూ, మీరు ఈమధ్య..." అని మొదలైతే కార్డు మీదిదే.

షో మొదట్లో హోస్టు ఒక్కడే నిలబడి జోకులు చెప్పే మోనోలాగ్ అలా కాదు, అది అక్షరాలా రాసిందే. రచయితలు పొద్దున వార్తలు చూసి పదుల కొద్దీ జోకులు రాస్తే, సాయంత్రానికి మిగిలేవి పది పదిహేను. కొన్ని షోల్లో వాటిని పెద్ద అట్టల మీద చేత్తో రాసి కెమెరా పక్కన పట్టుకుంటారు. టెలిప్రాంప్టర్ ఉండగా ఇంత చాదస్తమెందుకంటే, ఆఖరి నిమిషంలో ఒక జోకు తీసెయ్యాలంటే అట్ట లాగేస్తే చాలు. జోకు చచ్చిపోయినా ఆ చావునే జోకు చేసుకోవాలి. పాతతరం హోస్టు జానీ కార్సన్ ఇందులో ఘనుడు. జనం నవ్వకపోతే షో బ్యాండు "టీ ఫర్ టూ" పాట ఎత్తుకునేది, ఆయన రెండు స్టెప్పులేసేవాడు. దానికి జనం నవ్వేవాళ్ళు.

రాత్రి 11:35కి వచ్చే షోని సాధారణంగా అదే రోజు సాయంత్రం ఐదింటి ప్రాంతంలో తీస్తారు. దాదాపు లైవ్ లాగే, యాడ్స్ బ్రేకులకి కూడా అంతే సమయం వదిలి తీస్తారు. ఆ ఖాళీలో హాల్లో జనం చల్లబడకుండా హౌస్ బ్యాండు పాట వాయిస్తూనే ఉంటుంది. టీవీలో మనకి వినపడేది దాని తోక మాత్రమే. గెస్టు నడిచొచ్చేటప్పుడు పాట ఎంచుకునేదీ చాలాసార్లు బ్యాండే. 2011లో జిమ్మీ ఫాలన్ షోకి రాజకీయ నాయకురాలు మిషెల్ బాక్‌మన్ వస్తుంటే ఆ షో బ్యాండు ద రూట్స్ వాయించిన పాట పేరే ఒక బూతు. మాటల్లేకుండా ట్యూన్ మాత్రమే వాయించినా పాట తెలిసినవాళ్ళు పట్టేశారు, ఫాలన్ క్షమాపణ చెప్పుకోవాల్సొచ్చింది.

పాట పాడే గెస్టు సాధారణంగా ఆఖర్న వస్తారు. డ్రమ్సు, ఆంప్లిఫయర్లు, మైకులు అన్నీ రెండు నిమిషాల బ్రేకులో అమర్చడం అయ్యే పని కాదు. అందుకే సామానంతా పక్క వేదిక మీద ముందే సిద్ధం చేసి, మధ్యాహ్నమే సౌండ్ చెక్ చేసి ఉంచుతారు. పాట పొడుగైతే మూడు నాలుగు నిమిషాలకి కుదించుకు రమ్మంటారు.

చివర్లో ఉన్నవాళ్ళకి ఇంకో గండం ఉంది. ముందు గెస్టు కథ సాగదీస్తే కోత పడేది వీళ్ళకే. అలా కూర్చోబెట్టి పంపేయడాన్ని "బంప్" అంటారు. ఇంకో హోస్టు జిమ్మీ కిమ్మెల్ ఏళ్ళ తరబడి షో చివర్న హాలీవుడ్ నటుడు మాట్ డేమన్ పేరు చెప్పి "మాట్ డేమన్‌కి సారీ, టైము చాల్లేదు" అనేది ఈ అలవాటు మీద జోకే. డేమన్ ఆ రోజు అసలు వచ్చుండడు.