‘గురించి’ ముందు వస్తువు, ‘అని’ ముందు భావం

సందేహం: మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది. గురజాడ వారి ‘పూర్ణమ్మ’ గేయం ఇతివృత్తం రాయమంటే ‘కన్యాశుల్కం’ అని రాసింది. ఇది వస్తువు మాత్రమే, పూర్తి వాక్యంలో రాయాలని అధ్యాపకురాలు అన్నారు. ‘ఈ గేయంలో కవి కన్యాశుల్కం గురించి చెప్పాడు’ అని మార్చి రాసినా సరికాదన్నారట. ఇదీ పూర్తి వాక్యమే కదా?

సమాధానం: వ్యాకరణం ప్రకారం పూర్తి వాక్యమే. అయితే అది కవి ఏం చేశాడో చెప్పే వాక్యమే గాని, గేయం ఏమంటోందో చెప్పే వాక్యం కాదు. ‘గురించి’ అనే మాటకు ముందు నామవాచకం ఒక్కటి ఉంటే చాలు. గేయం ఏమంటోందో చెప్పేటప్పుడు ‘అని’ అనే మాటకు ముందు మాత్రం ఒక ప్రతిపాదన, అంటే ఔనని గాని కాదని గాని అనడానికి వీలున్న మాట, ఉండాలి. అందువల్ల ‘గురించి చెప్పాడు’ అన్నది కొట్టివేసి ‘అని చెప్పాడు’ అని రాసి చూడమనండి. ‘కన్యాశుల్కం అని చెప్పాడు’ అంటే వాక్యం నిలవదు. ఆ ఖాళీలో నిలిచే వాక్యాన్నే అధ్యాపకురాలు అడిగారు.

ఈ గందరగోళంలో తప్పంతా అమ్మాయిది కాదు. పాఠశాల వాచకాల విషయసూచికలో ‘ఇతివృత్తం’ అనే శీర్షిక కింద ‘దేశభక్తి’ వంటి ఒక్క మాటే కనిపిస్తుంది. అలంకారశాస్త్రంలోనేమో ఇతివృత్తమంటే కథ. నాట్యశాస్త్రం దాన్ని నాట్యానికి శరీరమంది. ఒకే మాటకు వస్తువు, కథ, భావం అనే మూడు అర్థాలు చేరాయి గనుక, పరీక్షలో అడిగేది మూడవదైనప్పుడు దాన్ని ‘కేంద్రభావం’ అనడమే మేలని నా అభిప్రాయం.

‘అని’ ముందు నిలిచిన ప్రతి వాక్యమూ కేంద్రభావం కాదు. ‘ముసలివాడికిచ్చి పెళ్లి చేస్తే పూర్ణమ్మ ప్రాణం తీసుకుంది’ అన్నది కథ; పాత్ర పేరు తీసేస్తే అందులో మిగిలేది తక్కువ. ‘కూతుళ్లను అమ్ముకోకూడదు’ అన్నది నీతి. అది గేయం చదవని వాడు కూడా చెప్పగలిగిన మాట. ‘కన్యాశుల్కం దురాచారం’ అన్నది మరింత మోసకారి. తెలుగులో క్రియ లేకుండానే వాక్యం పూర్తవుతుంది కాబట్టి అది చూపుకు నిండుగా ఉంటుంది. కాని ఆ ఆచారం మీద రాసిన ఏ రచనకైనా అది అతుకుతుంది. ఈ గేయానికే చెందినది అందులో ఏదీ లేదు.

ఈ గేయానికే చెందినదేమిటో దాని పంక్తులలోనే వెతకాలి. ‘కాసుకు లోనై తల్లీ తండ్రీ నెనరూ న్యాయం విడనాడి’ అంటాడు కవి. నెనరంటే ప్రేమ. ఆచారాన్ని నిందించి ఊరుకోకుండా, కన్నవాళ్లు దేనికి లొంగారో, దేన్ని వదులుకున్నారో రెండూ ఇక్కడ చెప్పాడు. అత్తవారింటికి పంపబోయే వేళ పూర్ణమ్మ అన్నదమ్ములను దూషించదు; ‘నలుగురు కూచుని నవ్వే వేళల నా పేరొకతరి తలవండి’ అని మాత్రం వేడుకుంటుంది. తల్లిదండ్రులు విడిచిన నెనరు కూతురిలో మిగిలే ఉందన్నమాట. చివరికి ఆమె చావును కూడా కవి చావని అనడు, ‘దుర్గను చేరెను పూర్ణమ్మ’ అంటాడు. నా మట్టుకు గేయంలో అన్నిటికన్నా బరువైన మాట అదే.

ఈ మూడింటినీ కలిపితే ఇలా రాయవచ్చు: ‘కన్నవాళ్లు డబ్బుకు లొంగి ప్రేమనూ న్యాయాన్నీ వదులుకుంటే, తనవాళ్ల మీద ప్రేమను చంపుకోలేని ఆడపిల్లకు ఈ లోకంలో నిలిచే చోటు మిగలదు.’ ఇందులో పాత్ర పేరు లేదు, ‘కూడదు’ లేదు, కన్యాశుల్కం అనే మాట కూడా లేదు. మొదటి భాగానికి ‘కాసుకు లోనై’ అన్న పంక్తి, నడిమి భాగానికి అన్నదమ్ములతో అన్న మాటలు, ‘ఈ లోకంలో’ అన్నదానికి ముగింపు ఆధారాలవుతాయి. వాక్యంలో ఏ ముక్కకైనా పంక్తి చూపలేకపోతే ఆ ముక్క మన ఊహ అని గుర్తించి తీసివేయాలి. గేయంలోని ముఖ్య ఘట్టమేదైనా వాక్యంలో ఇమడకపోతే వాక్యాన్నే సవరించాలి. ఇదొక్కటే సరైన సమాధానమని నేననను. పూర్ణమ్మ దూషించకపోవడాన్ని ప్రేమగా కాక నిరసనగా చదివేవారు నడిమి భాగాన్ని మరోలా రాస్తారు. అన్నదమ్ములతో ఆమె అన్న మాటలకు ఆ చదువు అన్వయిస్తుందని చూపగలిగితే అదీ సమ్మతమే.

వ్యాసంలో వస్తువును వదిలివేయనక్కరలేదు. ‘కన్యాశుల్కం వస్తువుగా గురజాడ రాసిన ఈ గేయం’ అని మొదలుపెట్టి, కేంద్రభావం చెప్పి, ‘అని తెలుపుతుంది’ అంటూ ముగిస్తే రెండూ ఒకే వాక్యంలో తమ తమ స్థానాల్లో ఉంటాయి.