మూసిన మీటింగుకి వేరే మినిట్స్

అమ్మా,

మీ కమ్యూనిటీలోని ఇళ్ల యజమానుల సంఘం, అదే హెచ్‌ఓఏ, బోర్డులో నిన్ను సెక్రటరీగా ఎన్నుకున్నారని మీ అమ్మ చెప్పింది. ఇక్కడ కాలిఫోర్నియాలోనే నేనా పని పదకొండేళ్లు చేశాను. మిగతావన్నీ చేస్తుంటే వచ్చేస్తాయి. ఎగ్జిక్యూటివ్ సెషన్ అంటే సభ్యులు లేకుండా బోర్డు పెట్టుకునే మూసిన మీటింగు; దాని మినిట్స్, అంటే అక్కడ జరిగినదాని రికార్డు గురించి మాత్రం ముందే చెప్పాలనిపించింది, ఎందుకంటే అందులో నా వల్ల ఒక ఇంటివాళ్లు బాధపడ్డారు.

అప్పట్లో ఓపెన్ మీటింగు, మూసిన మీటింగు రెండూ ఒకే ఫైల్లో రాసేవాణ్ణి. సభ్యులకు పంపేముందు కింద ఉన్న మూసిన మీటింగు భాగాన్ని నల్ల రంగుతో కప్పేసి పీడీఎఫ్ చేసేవాణ్ణి. ఒకాయన ఆ నలుపుని మౌసుతో సెలెక్ట్ చేసి వేరేచోట పేస్ట్ చేస్తే కింద ఉన్న అక్షరాలన్నీ బయటపడ్డాయి. ఎవరు ఎన్ని నెలలుగా డ్యూస్ కట్టలేదో పేరుతో సహా ఉంది. అందులో పేరున్న ఒకావిడ ఆ తర్వాత స్విమ్మింగ్ పూల్ వైపు రావడం మానేసింది.

అందుకే మొదటి నుంచీ రెండు ఫైళ్లు పెట్టుకో. ఒకటి రాసి అందులోంచి తీసేయడం కాదు, రెండూ విడివిడిగా పుట్టాలి. ఓపెన్ మినిట్స్‌లో "8:10కి బోర్డు ఎగ్జిక్యూటివ్ సెషన్‌కి వెళ్లింది" అని రాసి అక్కడితో ఆపు. కొత్త ఫైలు తెరిచి, పైన "గోప్యం, బోర్డు సభ్యులకు మాత్రమే" అని పెట్టి మొదలుపెట్టు.

మూసిన మీటింగులో ఏం మాట్లాడవచ్చో మీ ఇష్టం కాదు. కాలిఫోర్నియా సివిల్ కోడ్ సెక్షన్ 4935 చెబుతుంది: కోర్టు వ్యవహారాలు, బయటివాళ్లతో కుదుర్చుకునే కాంట్రాక్టులు, సభ్యుల మీద క్రమశిక్షణ చర్య, ఉద్యోగుల విషయాలు, బాకీల గురించి సభ్యుడు కోరితే ఆయనతో మాట్లాడటం, బాకీ కింద ఇంటిని అమ్మించే ఫోర్‌క్లోజర్ నిర్ణయం. డ్యూస్ పెంచితే జనం అరుస్తారని దాన్ని లోపలికి తీసుకెళ్లకూడదు. ఎవరైనా డైరెక్టరు అలా అడిగితే ఈ సెక్షన్ చూపించు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆ రాత్రి లోపల రెండు విషయాలు వచ్చాయనుకో: రూఫ్ పనికి వచ్చిన మూడు కొటేషన్లు, పెద్ద బాకీ పడిన ఒక ఇల్లు. గోప్యమైన ఫైల్లో ఎవరు హాజరయ్యారు, ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు, ఏం నిర్ణయించారు, ఓట్లు ఎన్ని అనేవి రాయి. ఎవరు ఏమన్నారో రాయకు. "ఆయనకి ఉద్యోగం పోయిందట" లాంటి మాట అసలే వద్దు. రేపు కేసు అయితే ఈ కాగితాన్ని కోర్టు అడిగే అవకాశముంది. లాయరు చెప్పిన సలహా కూడా అందులో ఎక్కించకు. "న్యాయ సలహా తీసుకున్నాం" అంటే చాలు, ఆయన ఉత్తరాన్ని వేరే ఉంచు.

ఇక తర్వాతి ఓపెన్ మీటింగు మినిట్స్. లోపల జరిగినదాన్ని స్థూలంగా అక్కడ నమోదు చేయాలని చట్టమే అంటుంది. "ఎగ్జిక్యూటివ్ సెషన్‌లో రూఫ్ కాంట్రాక్టు, ఒక బాకీ విషయం చర్చించాం." రూఫ్ సంగతికి ఇంతే చాలు. సంతకాలయ్యాక ఆ కాంట్రాక్టుని సభ్యులు అడిగితే చూపించాలి, అది రహస్యంగా మిగలదు. బోర్డు ఫోర్‌క్లోజర్‌కి ఓటేసి ఉంటే మాత్రం ఈ ఒక్క వాక్యం సరిపోదు. ఆ ఓటుని ఓపెన్ మినిట్స్‌లో రాయాలి, కానీ యజమాని పేరు పెట్టకుండా రికార్డుల్లో ఆ ఇంటి స్థలానికి ఉండే పార్సెల్ నంబరు వేయాలి. అది సెక్షన్ 5705. ఇంటి నంబరు కూడా వేయకు, పక్కింటివాళ్లకి అది పేరుతో సమానం.

ఆ ఇల్లు ఒక డైరెక్టరుదే అయితే ఆ అంశానికి ఆయన్ని బయటికి పంపి, వెళ్లిన టైమూ తిరిగొచ్చిన టైమూ రాయి. ఆయనకి ఓటు లేదు. ఆ అంశం తాలూకు కాగితాలు ఆయనకి వెళ్లకూడదు కూడా. మేము దీన్ని ఒకసారి మర్చిపోయి అందరికీ ఒకే ప్యాకెట్ మెయిల్ చేశాం.

గోప్యమైన మినిట్స్‌ని ఆమోదించడం కూడా తర్వాతి మూసిన మీటింగులోనే. చాలామంది తడబడేది ఇక్కడే. అలవాటుగా వాటిని ఓపెన్ మీటింగు ప్యాకెట్‌లో పెట్టేస్తారు, అది సభ్యులందరూ చూసే పోర్టల్‌కి ఎక్కేస్తుంది.

ఈ వారమే ఒక పని చెయ్యి. మీ షేర్డ్ ఫోల్డరు ఎవరెవరికి తెరుచుకుంటుందో చూడు. దిగిపోయిన డైరెక్టర్ల పేర్లు అందులో ఇంకా ఉండే ఉంటాయి. మొదటిసారి రాసినప్పుడు పేర్లు తీసేసి నాకు చూపించు, ఆదివారం ఫోన్లో కూర్చుని చూద్దాం.

మీ మామయ్య